వంద రోజుల స్ట్రీక్, సున్నా కోడింగ్: బెంగళూరు ఫ్రెషర్లకు పది చిట్కాలు

మారతహళ్ళిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో మంచం దొరికింది. ఆంధ్రా మెస్ ఏ సందులో ఉందో తెలిసింది. ఊళ్ళో చుట్టాలందరికీ "మావాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్" అని అమ్మ ఇప్పటికే చెప్పేసింది. ఇక మిగిలింది కోడింగ్ నేర్చుకోవడం ఒక్కటే. దానికి పీజీలో ఉన్న సీనియర్ ఒక సలహా ఇస్తాడు: "లీట్‌కోడ్‌లో రోజుకో చిన్న ప్రశ్న చెయ్యి తమ్ముడూ. రిమైండర్ పెట్టుకో, స్ట్రీక్ తెగనివ్వకు, ఆదివారం కూర్చుని వారమంతా ఏం చేశావో చూసుకో."

సలహా బంగారం లాంటిదే, కానీ అందులో పని చాలా ఉంది. ఆ పని భాగాన్ని జాగ్రత్తగా తీసేసి, రిమైండర్, స్ట్రీక్, వారాంతపు లెక్క మాత్రం మిగుల్చుకోవడం ఎలాగో ఈ చిట్కాలు చెబుతాయి. వరసగా పాటించండి. మధ్యలో ఎక్కడా ఆలోచించకండి.

1. రిమైండర్‌ను సాయంత్రం ఏడింటికి పెట్టండి

ఏడింటికి మీరు ఎక్కడుంటారు? సిల్క్ బోర్డు దగ్గర, బీఎంటీసీ బస్సులో, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో బ్యాగు పట్టుకుని ఉంటారు. ఫోన్ మోగుతుంది. "సరే, ఇంటికెళ్ళాక చూద్దాం" అని వేలితో పక్కకు తోసేస్తారు. రిమైండర్ తన పని తాను చేసింది, మీ పని మీరు చేశారు. ఎవరి మీదా తప్పు లేదు.

రిమైండర్‌లో రాసే మాట కూడా ముఖ్యం. "కోడింగ్ టైమ్!" అని మాత్రమే రాయండి, పక్కన ఒక రాకెట్ బొమ్మ పెట్టండి. పొరపాటున కూడా "భోజనం అయ్యాక, తొమ్మిదింటికి, ల్యాప్‌టాప్ తెరిచి, టూ సమ్ అనే ప్రశ్న, ఇరవై ఐదు నిమిషాలు" అని రాయకండి. చోటు, వేళ, ప్రశ్న పేరు, ఎంతసేపు అన్నవి నాలుగూ ముందే తేలిపోతే తప్పించుకోవడానికి దారి ఉండదు. ప్రశ్న పేరు ఖాళీగా వదిలితే, "ఇవాళ ఏది చేద్దాం" అని వెతకడంలోనే ముప్పావుగంట హాయిగా గడిచిపోతుంది. అంతసేపూ తెర మీద కోడింగ్ సైటే ఉంటుంది కాబట్టి పక్క మంచం వాడికి మీరు చదువుతున్నట్టే కనిపిస్తారు.

2. ఇంకా మంచిది: రిమైండర్‌ను మీరే తయారు చేయండి

రోజుకో ప్రశ్న చేయడం కన్నా, రోజుకో ప్రశ్న చేయమని గుర్తుచేసే ప్రోగ్రామ్ రాయడం గొప్ప పని. దీనికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ ప్రశ్న జోలికి పోనక్కర్లేదు.

క్లౌడ్‌లో ఒక ఉచిత సర్వర్ తీసుకోండి. రాత్రి తొమ్మిదింటికి టెలిగ్రామ్‌లో మెసేజ్ రావాలి కాబట్టి, క్రాన్‌లో ఇలా రాయండి:

```
0 21 * * * /usr/bin/python3 /home/ubuntu/remind.py
```

మొదటి అంకె నిమిషం, రెండోది గంట. అంటే 21:00, తొమ్మిది గంటలు. అంతా సరిగ్గానే ఉంది. కానీ మెసేజ్ రాత్రి రెండున్నరకు వస్తుంది. అలాంటి సర్వర్లలో గడియారం మామూలుగా యూటీసీలో ఉంటుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందుంటాం. అక్కడ 21:00 అంటే ఇక్కడ తెల్లవారుజామున 2:30. మనకు తొమ్మిదింటికి రావాలంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర అని రాయాలి, అంటే `30 15 * * *`. ఒక్కసారి `date` అని టైప్ చేసి చూస్తే ఈ సంగతి పది సెకన్లలో తేలిపోతుంది, అందుకే టైప్ చేయకండి. రెండున్నరకు ఫోన్ మోగినప్పుడు పక్క మంచం నుంచి "ఒరేయ్, దాన్ని సైలెంట్‌లో పెట్టరా బాబూ" అని వినిపిస్తుంది. పెట్టేయండి. స్నేహం నిలిచింది, రిమైండర్ పోయింది.

సర్వర్ ఎందుకు, సొంత ల్యాప్‌టాప్‌లోనే క్రాన్ పెడదామంటే అది మరీ సుఖం. ఆ నిమిషానికి మూత వేసి ఉంటే క్రాన్ మామూలుగా ఆ పనిని వదిలేస్తుంది. తర్వాత మూత తెరిచినా "అయ్యో, తొమ్మిదింటిది మిగిలిపోయిందే" అని గుర్తుపెట్టుకుని నడపదు. తప్పిపోయిన పనులను తర్వాత నడిపే అనాక్రాన్ అనేది వేరే ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయకండి. "రిమైండర్ రాలేదు" అన్న మాటకు సాంకేతిక ఆధారం చూపించగలిగే అవకాశం జీవితంలో మళ్ళీ మళ్ళీ రాదు.

3. స్ట్రీక్ లెక్కను కూడా మీరే రాయండి, రెండో ప్రశ్న మాత్రం చేయకండి

మెసేజ్ పంపే ప్రోగ్రామ్‌లోనే స్ట్రీక్ కూడా లెక్కపెట్టించండి. ప్రశ్న చేసిన ప్రతిసారీ ఈ నాలుగైదు లైన్లు నడుస్తాయి:

```python
if today - last == timedelta(days=1):
    streak += 1
else:
    streak = 1
last = today
```

చదవడానికి ముచ్చటగా ఉంది. నిన్న చేసి ఉంటే ఒకటి కలుపు, లేకపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టు. నలభై రోజులు చక్కగా నడుస్తుంది. నలభై ఒకటో రోజు ఆదివారం. పొద్దున ఒక ప్రశ్న చేశారు, స్ట్రీక్ 41 అయింది. సాయంత్రం వాన పడుతోంది, బయటికి వెళ్ళడానికి లేదు, సరదాగా ఇంకోటి చేశారు. ఇప్పుడు `today` ఆదివారమే, `last` కూడా ఆదివారమే. తేడా సున్నా. సున్నా అంటే ఒక రోజు కాదు కాబట్టి ప్రోగ్రామ్ `else`లోకి వెళ్ళింది. స్ట్రీక్ 1.

చూశారా, ఎక్కువ పని చేస్తే ఏమవుతుందో! ఒక రోజు మానేసినవాడికీ, ఒకే రోజు రెండు చేసినవాడికీ ఈ ప్రోగ్రామ్ ఒకటే శిక్ష వేస్తుంది. మొదట్లోనే "ఇవాళ ఇప్పటికే లెక్కలోకి వచ్చిందా" అని ఒక్క షరతు పెడితే బాగవుతుంది. కానీ మనం ప్రోగ్రామ్‌ను మార్చం, అలవాటును మార్చుకుంటాం. రోజుకు ఒకటే, ఆపైన ముట్టుకోకండి. ఆసక్తి పుట్టిన రోజున మరీ జాగ్రత్తగా ఉండండి.

4. తెల్లవారి ఐదున్నరను పట్టుకోండి

ఇది మన దేశంలో ఉన్నవాళ్ళకు దేవుడిచ్చిన వరం. లీట్‌కోడ్‌లో రోజువారీ ప్రశ్న యూటీసీ ప్రకారం అర్ధరాత్రి మారుతుంది. మనకది పొద్దున ఐదున్నర. అంటే ఆదివారం తెల్లవారి 5:20కి కూడా అక్కడ శనివారమే. శనివారం ప్రశ్న అప్పటికీ బతికే ఉంటుంది. దాన్ని సబ్మిట్ చేయండి. పది నిమిషాలు ఆగండి. వీధిలో నందిని పాల ప్యాకెట్లు దిగుతాయి, ఒక కాఫీ తాగండి. 5:31కి ఆదివారం ప్రశ్న వస్తుంది. దాన్నీ సబ్మిట్ చేయండి. ఒక్క కూర్చోవడంలో రెండు రోజులు.

ఇక సోమవారం కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. మంగళవారం తెల్లవారి 5:20కి సోమవారం ప్రశ్న, 5:31కి మంగళవారం ప్రశ్న. అలా రోజు విడిచి రోజు ఒక్క పావుగంట. క్యాలెండర్ చూస్తే ఒక్క రోజూ తప్పలేదు, మీరు చూస్తే సగం రోజులు అసలు కూర్చోలేదు.

కొందరు చాదస్తులు అంటారు, రోజూ చేయమనడంలో అర్థమే మధ్యలో ఒక నిద్ర పడాలని, నిన్న చదివింది ఇవాళ మళ్ళీ గుర్తుకు తెచ్చుకోవడమే అసలు సాధన అని. పది నిమిషాల తేడాతో రెండు చేస్తే గుర్తుకు తెచ్చుకోవాల్సింది ఏమీ ఉండదు, నలభై ఎనిమిది గంటల తర్వాత కూర్చుంటే గుర్తున్నది ఏమీ ఉండదు. రెండు విధాలా బుర్ర మీద భారం లేదు. ఇంతకన్నా ఏం కావాలి?

5. రోజు ప్రశ్ననే పట్టుకోండి, మీ స్థాయిది వెతకకండి

రోజువారీ ప్రశ్న మీకోసం ఎంచి పెట్టింది కాదు. లోకంలో అందరికీ అదే. ఒకరోజు ఈజీ వస్తుంది, ఒకరోజు మీడియం, ఒకరోజు హార్డ్. నిన్నటిదాకా ఫర్ లూప్‌లో తడబడుతున్న మీకు ఇవాళ డైనమిక్ ప్రోగ్రామింగ్ ప్రశ్న ఎదురుపడుతుంది. తెలివితక్కువవాడైతే ఆ రోజు దాన్ని పక్కనపెట్టి, ఈజీ ప్రశ్నల జాబితాలోంచి తనకు అందేది ఒకటి తీసి చేసుకుంటాడు. అరేలు రెండు వారాలు, స్ట్రింగ్‌లు ఒక వారం, డిక్షనరీలు ఒక వారం అంటూ ఒక వరస పెట్టుకుంటాడు. వాడికి రోజువారీ స్ట్రీక్ అక్కడే తెగుతుంది. పాపం, వాడికి మిగిలేది కోడింగే.

మీరు అలా చేయకండి. హార్డ్ వచ్చినా వదలొద్దు. ప్రశ్న చదవకుండానే నేరుగా సొల్యూషన్స్ ట్యాబ్ తెరవండి, ఎక్కువ ఓట్లున్నది తీసుకోండి, కాపీ, పేస్ట్, సబ్మిట్. నలభై సెకన్లు. ఏ భాషలో ఉందో కూడా చూసుకోండి, పైథాన్ ఎంచుకున్న చోట జావా పేస్ట్ చేస్తే ఎర్రగా వస్తుంది. ఈ పద్ధతిలో మీరు నేర్చుకోవాల్సింది నిజంగా అంతే.

6. రెండు లైన్ల వరస ఎందుకో అడగకండి

ఒక ప్రశ్న మీద మాత్రం కాస్త ఆగుదాం, ఎందుకంటే కొత్తవాళ్ళు నిజంగా నేర్చేసుకునే ప్రమాదం ఇక్కడే ఎక్కువ. లీట్‌కోడ్‌లో ఒకటో నంబరు ప్రశ్న టూ సమ్. కొన్ని సంఖ్యలు, ఒక మొత్తం ఇస్తారు. ఏ రెండు సంఖ్యలు కలిపితే ఆ మొత్తం వస్తుందో వాటి స్థానాలు చెప్పాలి. ఒకే స్థానాన్ని రెండుసార్లు వాడకూడదు. మొదటి ఉదాహరణ `[2,7,11,15]`, మొత్తం 9, జవాబు `[0,1]`.

కొత్తవాడు తనంతట తాను రాస్తే సాధారణంగా ఇలా రాస్తాడు:

```python
for i in range(len(nums)):
    if target - nums[i] in nums:
        return [i, nums.index(target - nums[i])]
```

మొదటి ఉదాహరణకు ఇది `[0,1]` అనే ఇస్తుంది. అక్కడితో ఆగిపోవాలి, కిందికి జరపకూడదు. ఎందుకంటే కిందనే రెండో ఉదాహరణ ఉంది: `[3,2,4]`, మొత్తం 6. పై ప్రోగ్రామ్ మొదటి 3 దగ్గర ఆగి, 6 లోంచి 3 పోతే 3, జాబితాలో 3 ఉందా, ఉంది, అని `[0,0]` ఇచ్చేస్తుంది. తన భాగస్వామి కోసం వెతుకుతూ తననే చూసుకుని సంబరపడింది. ఈ ఒక్క తప్పును కాగితం మీద వేలు పెట్టి నడిపి చూసినవాడికి సగం పాఠం వచ్చేసినట్టే. కాబట్టి కాగితం దగ్గర పెట్టుకోవద్దు.

సొల్యూషన్స్ ట్యాబ్‌లో దొరికేది ఇది:

```python
seen = {}
for i, x in enumerate(nums):
    if target - x in seen:
        return [seen[target - x], i]
    seen[x] = i
```

కాపీ చేయండి, పచ్చగా వస్తుంది, పడుకోండి. "చివరి లైన్‌ను `if` కన్నా పైకి జరిపితే ఏమవుతుంది" అని మాత్రం ఆలోచించకండి. జరిపితే మళ్ళీ `[3,2,4]` దగ్గర `[0,0]` వస్తుంది. ముందు తనను డిక్షనరీలో వేసుకుని, తర్వాత తన జత కోసం వెతికితే, తనే దొరుకుతుంది కదా. ముందు వెతికి, దొరక్కపోతేనే వేసుకోవాలి. అప్పుడు డిక్షనరీలో ఉన్నవన్నీ మనకన్నా ముందొచ్చినవే, మనం ఉండం. ఈ ప్రశ్నకు ప్రాణమంతా ఆ వరసలోనే ఉంది. అలాగే డిక్షనరీ ఎందుకని కూడా అడగకండి. పదివేల సంఖ్యలుంటే జతలన్నీ ఒక్కొక్కటే చూడాలంటే దాదాపు ఐదు కోట్లు, డిక్షనరీతో ఒక్క చుట్టు తిరిగితే పదివేల అడుగులు. ఇలాంటివి అర్థమైతే రేపటి ప్రశ్న తనంతట తానే తేలికవుతుంది, సొల్యూషన్స్ ట్యాబ్ తెరిచే అవసరమే పడదు. ఇన్నాళ్ళ అలవాటు చెడిపోతుంది.

7. తెగిన రోజును నాణేలు పెట్టి అతికించండి

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఊరికి వెళ్ళినప్పుడు ఒక రోజు పోతుంది. కంగారు పడకండి. లీట్‌కోడ్‌లో టైమ్ ట్రావెల్ టికెట్ అని ఒకటి ఉంది. అక్కడి నాణేలు 70 పెడితే వస్తుంది. దాంతో తప్పిపోయిన రోజు ప్రశ్నను తర్వాత చేసి ఆ రోజు గడిని నింపుకోవచ్చు. రోజువారీ ప్రశ్న చేస్తే పది నాణేలు. అంటే ఏడు రోజుల కూలి ఒక రోజు సెలవుకు సరిపోయింది.

అది కూడా లేకపోతే ప్రొఫైల్‌లో ఉండే పచ్చ గళ్ళను నమ్ముకోండి. అవి మీరు కొత్తది చేశారా పాతది చేశారా అని చూడవు, సబ్మిట్ చేశారా లేదా అనే చూస్తాయి. ఆ టూ సమ్ జవాబునే రోజూ ఒకసారి సబ్మిట్ చేస్తూ పోండి. ఏడాది తిరిగేసరికి పటం అంతా వరిచేను.

ఇక గిట్‌హబ్ వాళ్ళు 2016లో తమ ప్రొఫైళ్ళలోంచి స్ట్రీక్ అంకెను తీసేశారు. గళ్ళు ఉంచారు కాబట్టి మనకు నష్టం లేదు. కమిట్‌కు ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వేసుకోవచ్చు:

```
git commit --allow-empty -m "Day 41" --date="2025-03-14T21:00:00+05:30"
```

ఖాళీ కమిట్, పాత తేదీ. ఎవరైనా ఆ గడి మీద నొక్కి, లోపలికి వెళ్ళి, ఫైళ్ళేమీ మారలేదని చూసేదాకా మీరు నిజాయితీపరులే.

8. వారాంతపు లెక్కలోంచి రెండు కాలమ్‌లు తీసేయండి

ఆదివారం సాయంత్రం లెక్క చూసుకోవడానికి సీనియర్ ఒక పట్టిక ఇస్తాడు. అందులో ఐదు కాలమ్‌లు ఉంటాయి: వారం, ప్రశ్న, పట్టిన సమయం, ఎక్కడ ఇరుక్కున్నాను, చూడకుండా మళ్ళీ రాయగలనా. చివరి రెండూ ముందు తుడిచేయండి. మొదటి మూడింటితోనే పట్టిక ఎంత కళగా ఉంటుందో చూడండి: సోమవారం టూ సమ్, మంగళవారం వాలిడ్ పేరెంథసిస్, బుధవారం పాలిండ్రోమ్ నంబర్, గురువారం రోమన్ టు ఇంటీజర్. ఒక్కొక్కటి ఒక్క నిమిషం! వారానికి ఏడుకు ఏడు. శాతం నూరు.

ఆ రెండు కాలమ్‌లు ఉంచితే ఇదే పట్టిక వేరేలా కనిపిస్తుంది. టూ సమ్ పక్కన "చివరి లైన్ ఎందుకు కిందుందో తెలియదు" అని రాయాల్సి వస్తుంది. వాలిడ్ పేరెంథసిస్ పక్కన "బ్రాకెట్లు లెక్కపెట్టి చేశాను, `([)]`కి తప్పొచ్చింది, తెరిచిన వరస గుర్తుండాలి" అని రాయాల్సి వస్తుంది. తెరిచినవీ మూసినవీ అంకెల్లో సరిపోయినా, చివర తెరిచిందే ముందు మూయాలి, దానికి స్టాక్ కావాలి అని అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత ఖాళీ పేజీ తీసి ఆ వారం ప్రశ్నలన్నీ చూడకుండా రాయమంటే, ఏడింటిలో ఎన్ని వచ్చాయో ఆ అంకె బయటపడుతుంది. స్ట్రీక్ ఏడు, చేతికి వచ్చింది ఒకటి. అలాంటి అంకెలను పక్కపక్కన చూడటం ఆరోగ్యానికి మంచిది కాదు. చూస్తే వచ్చే వారం కొత్తవి మానేసి, రానివి రెండు మూడు మళ్ళీ చేయాలనిపిస్తుంది. అది మొదలైతే ఆపడం కష్టం.

9. సాకులను ముందే వండి పెట్టుకోండి

బెంగళూరులో సాకులకు కరువు లేదు. వాన పడింది, కరెంటు పోయింది. పీజీ వైఫై నాలుగో అంతస్తుకు అందలేదు. ఔటర్ రింగ్ రోడ్డులో రెండు గంటలు ఇరుక్కున్నాను. కావేరి నీళ్ళు రాలేదు, ట్యాంకర్ కోసం కాపలా ఉన్నాను. అన్నీ నిజాలే కాబట్టి అబద్ధం ఆడిన పాపం లేదు. ఒక్క సాకును వారంలో రెండుసార్లు వాడకండి, దానికీ ఒక స్ట్రీక్ పెట్టుకోండి.

సీనియర్ అడిగితే ఇలా నడవాలి:

"ఏరా, నిన్నటిది చేశావా?"

"చేశానన్నా, పచ్చగా వచ్చింది."

"ఎలా చేశావు?"

"అదే అన్నా... డిక్షనరీతో."

"డిక్షనరీలో ఏం పెట్టావు?"

ఇక్కడ ఫోన్ చూసుకోండి. "అమ్మ ఫోన్ చేస్తోందన్నా" అని వరండాలోకి వెళ్ళిపోండి. కీ ఏమిటి, వాల్యూ ఏమిటి అన్న ప్రశ్న దాటి ఏ సీనియర్‌నూ ముందుకు రానివ్వకూడదు. కీ సంఖ్య, వాల్యూ దాని స్థానం అని ఒక్క ముక్కలో చెప్పగలిగినవాడు నిజంగానే చేసినవాడు. చెప్పలేనివాడు సబ్మిట్ చేసినవాడు. వాళ్ళకు ఆ తేడా తెలుసు.

ఆ తర్వాత లింక్డిన్‌లో పెట్టండి. ముప్పై రోజులకు ఒకటి, యాభైకి ఒకటి, నూరుకు ఒకటి. పచ్చ గళ్ళ ఫోటో, కింద "క్రమశిక్షణే విజయం". ఇంటర్ క్లాస్‌మేట్లు చప్పట్లు కొడతారు. మీరూ వాళ్ళ గళ్ళకు చప్పట్లు కొట్టండి. ఎవరూ ఎవరి కోడూ అడగరు, అదీ మర్యాద.

10. ఇంటర్వ్యూలో అంకె చెప్పి ఆపేయండి

నూరు రోజులయ్యాయి. బెళ్ళందూరులో ఒక చిన్న కంపెనీ పిలిచింది. ఎదురుగా కూర్చున్నావిడ రెజ్యూమె చూసి, "నూరు రోజుల స్ట్రీకా, బాగుందే" అంటుంది. నవ్వండి. తేలికది అడుగుదామని టూ సమ్ రాయమంటుంది. బట్టీ కాబట్టి ఐదు లైన్లూ గడగడా రాసేయండి. అప్పుడావిడ చిన్న మార్పు చేస్తుంది: "సంఖ్యలు చిన్న నుంచి పెద్దకు వరసగా ఉన్నాయనుకో. డిక్షనరీ లేకుండా చేయగలవా?"

సాధన చేసినవాడైతే కాసేపు బుర్ర గోక్కుని, ఒక వేలు మొదట్లో, ఒక వేలు చివర పెట్టి, మొత్తం తక్కువైతే ఎడమ వేలు ముందుకు, ఎక్కువైతే కుడి వేలు వెనక్కు అంటూ జరుపుకుంటూ పోతాడు. మీకు ఆ శ్రమ లేదు. "మేడమ్, ఆ వెర్షన్ నాకు రోజువారీలో రాలేదు" అని వినయంగా చెప్పండి. ఆవిడ ఇంకా దయగా, మీరు రాసిన కోడ్‌లోనే చివరి లైన్ మీద పెన్ను పెట్టి, "సరే, దీన్ని పైకి జరిపితే?" అంటుంది. "నూరు రోజులు ఒక్క రోజూ తప్పలేదు మేడమ్" అనండి. "మళ్ళీ మేమే ఫోన్ చేస్తాం" అన్న జవాబు వస్తుంది. ఎదురుచూడటం కూడా ఒక క్రమశిక్షణే, రెజ్యూమెలో రాసుకోవచ్చు.

ఇప్పుడు మీకు నూరు రోజుల అనుభవం ఉంది, ఉద్యోగం లేదు కాబట్టి ఖాళీ కూడా ఉంది. మెంటర్ కావడానికి ఈ రెండే అర్హతలు. మీ ఊరి కాలేజీ ఫైనలియర్ పిల్లలతో ఒక టెలిగ్రామ్ గ్రూపు పెట్టండి, నెలకు ₹499 తీసుకోండి. రోజూ సాయంత్రం ఏడింటికి ఒక రాకెట్ బొమ్మ పంపండి, ఆదివారం నూరు శాతం పట్టిక పంపండి. ఎవరో ఒక తుంటరి పిల్ల "అన్నా, ఈ చివరి లైన్ ఎందుకు కింద ఉంది" అని తప్పకుండా అడుగుతుంది. "సిలబస్‌లో లేదమ్మా" అని చెప్పి, ఆ పిల్లను గ్రూపులోంచి తీసేయండి. లేకపోతే మిగతావాళ్ళకు కోడింగ్ వచ్చేస్తుంది, వచ్చే నెల ఫీజు రాదు.